దాచుట వేరు, మార్చుట వేరు: సాధన డైరీలో సత్యం నిలిచే తీరు

శ్రీగురుభ్యో నమః

ప్రాతఃసంధ్యలో జలప్రాశన సమయాన పఠించే మంత్రార్థాన్ని ఒక్కసారి నిదానంగా పరిశీలించినవారికి ఒక విశేషం గోచరిస్తుంది. కృష్ణయజుర్వేదీయులకు ఈ మంత్రం మహానారాయణోపనిషత్తు నుండి లభించింది. అందులో ఉపాసకుడు సూర్యుని, మన్యువును, మన్యుపతులను ప్రార్థిస్తాడు. మన్యువు అనగా క్రోధావేశానికి అధిష్ఠాన దేవత. గడచిన రాత్రి మనస్సుచేత, వాక్కుచేత, చేతులచేత, పాదములచేత, ఉదరముచేత, ఉపస్థచేత జరిగిన పాపాన్ని ఒక్కొక్క కరణం పేరు చెప్పి ఒప్పుకొని, ఆ పాపంతో కూడిన తనను తానే సూర్యజ్యోతిలో హోమం చేసుకొంటాడు. సాయంసంధ్యలో సూర్యుని స్థానాన అగ్ని వచ్చి, రాత్రికి బదులు పగటి లెక్క చెప్పబడుతుంది. ఈ విధంగా అహోరాత్రములో ఏ భాగమూ లెక్కకు రాకుండా మిగలదు.

ఈ ఒప్పుకోలు ఎవరి చెవినా పడదు. అరచేతిలోని నీరు మాత్రమే సాక్షి. ఆ నీరు కూడా మరుక్షణం లోపలికే పోతుంది. అందుచేత ఉపాసకునికి మాట మార్చి చెప్పవలసిన ప్రేరణ కలుగదు. పక్కనే భార్య, కుమారుడు, తోబుట్టువు కూర్చుండినా ఆయన తన క్రోధాన్ని క్రోధమనే పేరుతోనే సమర్పించగలడు.

అదే ఆత్మపరీక్ష కాగితం మీదికి వచ్చేసరికి పరిస్థితి భిన్నమౌతుంది. 1936లో దివ్యజీవన సంఘాన్ని స్థాపించిన స్వామి శివానంద సరస్వతి తమ శిష్యులకు సాధన డైరీని ఒక నియమంగా విధించారు. నిద్ర ఎప్పుడు లేచినారు, ఎన్ని మాలల జపం జరిగింది, ఎన్ని అసత్యాలు పలికినారు, ఎన్నిసార్లు కోపం వచ్చింది, అది ఎంతసేపు నిలిచింది, దానికి ఏ స్వయందండన విధించుకొన్నారు వంటి ప్రశ్నలు ఒక పట్టికగా ఉంటాయి. ప్రతిదినం ఆ గడులు నింపాలి. తెలుగునాట ఈ పద్ధతిని అనుసరించే గృహస్థసాధకులు నేటికీ ఉన్నారు. కాని నీటివలె కాగితం లోపలికి పోదు. అది బల్లమీద ఉంటుంది, దిండుక్రింద ఉంటుంది, దేవుని మందిరపు అరలో ఉంటుంది. ఇంటిలో కన్నులున్నాయి. ఆ కన్నుల భయం కలముకొసకు చేరినప్పుడు డైరీకి ఏమి జరుగుతుందన్నదే ఇక్కడి విచారణ.

నలుబది దినముల సున్న

రాజమహేంద్రవరంలో ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయిని ఉన్నారు. భర్త గతించిన పిమ్మట కుమారుని ఇంట నివాసం. కోడలు ఉద్యోగిని; తొమ్మిదేళ్ళ మనుమడు. ఆమె ప్రతి ఏకాదశినాడు నలుగురు స్త్రీలను కూర్చుండబెట్టుకొని గీతార్థం చెప్పేవారు. సాధన డైరీని అనేక సంవత్సరములుగా వ్రాస్తున్నారు. భర్త జీవించి ఉన్న రోజులలో కోపానికి కేటాయించిన గడిలో నెలకు అయిదో ఆరో గీతలు పడేవి. కుమారుని ఇంటికి వచ్చిన కొంతకాలానికి ఆ గడిలో వరుసగా నలుబది దినములు సున్నలే ఉన్నాయి.

ఆ సున్నలు చూసి ఆమె మొదట సంతోషించారు. కాని జపానికి కూర్చుండినప్పుడు మూడవ మాల దాటకుండానే కోడలి మాట ఒకటి మనస్సులోకి వస్తున్నది. దానికి తాను చెప్పవలసి ఉండిన సమాధానం, ఆ సమాధానానికి కోడలి ప్రత్యుత్తరం, మరల తన మాట. ఇలా వాదం నడుస్తుండగా మాల దానంతటది తిరిగిపోతున్నది. కోపం లేదని చెప్పే పుస్తకం ఒకవైపు, కోపంతోనే తిరిగే మాల మరొకవైపు. రెండింటిలో ఒకటి అసత్యం చెబుతున్నదని ఆమెకు స్పష్టమయింది.

ఆ ఊరిలోనే ఎనుబది దాటిన ఒక ఘనపాఠిగారు ఉన్నారు. ఆమె పుస్తకాన్ని పట్టుకొని ఆయన వద్దకు వెళ్ళి విషయం చెప్పారు. ఆయన పుస్తకాన్ని తెరవలేదు. "అమ్మా, ఇది ఇంటిలో ఎక్కడ ఉంటుంది?" అని మాత్రం అడిగారు. దేవుని మందిరం క్రింది అరలో అన్నారామె. "ఆ అర తుడిచేదెవరు?" అన్నారాయన. కోడలు అన్న మాట ఆమె నోట వెలువడేసరికి సగం సమాధానం ఆమెకే దొరికింది.

పాఠకురాలు ప్రవేశించిన జాడలు

మరొకరు చదువుతారన్న శంకతో వ్రాసిన డైరీకి కొన్ని లక్షణాలు ఉంటాయి. ఘనపాఠిగారి సూచనమేరకు ఆమె తన పాత పుటలను తానే పరీక్షించి వాటిని గుర్తించారు.

మొదటిది, తనకు తెలిసిన విషయాన్ని తనకే వివరించుట. "కోడలికి ఆఫీసులో పని ఒత్తిడి ఎక్కువ గనుక వంట ఆలస్యమయింది" అని ఒక పుట. ఆ కారణం ఆమెకు తెలియనిది కాదు. తనకోసం వ్రాసుకొనేవారు కారణం చెప్పుకోరు. తాను అర్థం చేసుకొన్నానని ఎవరికో తెలియజేయాలన్నప్పుడే ఆ "గనుక" అనే పదం వచ్చి చేరుతుంది.

రెండవది, వ్రాసినవారు ప్రతి సంఘటన చివరా సహనమూర్తిగా తేలుట. "మౌనంగా ఉండిపోయాను", "భగవదిచ్ఛ అనుకొన్నాను" అన్న వాక్యాలు పుటపుటనా ఉన్నాయి. ఆ మౌనం ఎంత మండుతూ ఉన్నదో ఎక్కడా లేదు.

మూడవది అన్నింటికంటె సూక్ష్మమైనది. కలహం జరిగిన దినాలలోనే వాక్యాలు చక్కగా, సంస్కృతసమాసాలతో, దోషరహితంగా ఉన్నాయి. సాధారణ దినాలలో కొట్టివేతలు, తొందర వ్రాత ఉన్నాయి. మనస్సు అల్లకల్లోలంగా ఉన్న రాత్రి వ్రాత అంత ముచ్చటగా ఉండటానికి కారణం, అది వ్రాసుకొన్నది కాక సమర్పించినది కావటమే.

ఈ లక్షణాలను చూచిన తరువాత ఆమె సహజంగా ఆలోచించిన ఉపాయం తాళం. చిన్న ఇనుప పెట్టె కొని పుస్తకాన్ని అందులో పెట్టి తాళంచెవిని తాళిబొట్టు గొలుసు ఉండిన పాత భరిణెలో దాచారు. పదిదినాలు గడిచాయి. పుస్తకం ఎవరికీ అందదని నిశ్చయంగా తెలిసినా వ్రాత మారలేదు. అదే "గనుక", అదే సహనం, అదే సున్న. ఈ పదిదినాల అనుభవం ఆమెకు విలువైనది. పెట్టె వెలుపలి కోడలిని ఆపగలిగింది. వ్రాసేటప్పుడు భుజం వెనుక నిలబడి చదివే కోడలు మాత్రం ఆమె మనస్సులో నిర్మితమైన మూర్తి. ఆ మూర్తికి తాళం వేయు పెట్టె లేదు.

భయంలోని మూడు పాళ్ళు

"ఆమె చదివితే?" అన్న ఒక్క ప్రశ్నలో మూడు వేర్వేరు భయాలు కలిసి ఉంటాయి. వాటిని విడదీయనంతవరకు ఏ నివారణా పనిచేయదు.

ఒకటి, చదివినవారు నొచ్చుకొంటారన్న భయం. ఇది అహింసకు సంబంధించినది, ధర్మసమ్మతమైనది. రెండు, వ్రాసిన మాటను రేపటి తగవులో ఎత్తి చూపుతారన్న భయం. ఇది లౌకికమైన జాగ్రత్త. దీనికి తాళమే చాలు. మూడు, చదివినవారి దృష్టిలో తాను చిన్నబోతానన్న భయం. దీనికి శాస్త్రంలో ఉన్న పేరు దంభం. లేని సాధుత్వాన్ని ప్రకటించుట, ఉన్న అసాధుత్వాన్ని కప్పుట, రెండూ దంభమే. గీత పదమూడవ అధ్యాయంలో జ్ఞానసాధనలను లెక్కించేటప్పుడు అమానిత్వం, అదంభిత్వం మొదటి రెండు స్థానాలలో ఉన్నాయి; అహింస వాటి తరువాత వచ్చింది. పదహారవ అధ్యాయంలో ఆసురీసంపదను చెప్పేటప్పుడు దంభంతోనే పట్టిక మొదలౌతుంది.

ఘనపాఠిగారు ఆమెకు ఒక పని చెప్పారు. పదునైదు దినాలపాటు వ్రాయబోయి ఆగిపోయిన ప్రతి చోటా పుట అంచున ఒక అంకె వేయాలి. నొప్పిస్తానన్న భయమైతే ఒకటి, తగవు భయమైతే రెండు, చిన్నబోతానన్న భయమైతే మూడు. ఏమి వ్రాయబోయారో వ్రాయనక్కరలేదు; అంకె చాలు. అంకెను ఎవరు చూచినా అర్థం కాదు గనుక దాన్ని వేయటానికి ఆమెకు సంకోచం కలుగలేదు.

పదునైదు దినాల తరువాత చూస్తే అంచు పొడుగునా మూడులే ఎక్కువ. ఆమె ఇంతకాలం తాను కోడలి మనస్సు నొప్పించకుండా జాగ్రత్తపడుతున్నానని నమ్మారు. ఒకట్లు చాలా కొద్ది. గీత చెప్పే అత్తగారు మనుమని విషయంలో అసూయపడుతున్నారని కోడలికి తెలియటమే ఆమె భరించలేని విషయం. అహింస వస్త్రాన్ని ధరించి దంభం ఇంతకాలం ఆమె కలాన్ని నడిపించింది.

గోప్యానికి అనుమతి ఎంతవరకు

ఇక్కడ ఒక న్యాయమైన ఆక్షేపణ వస్తుంది. అన్నీ వెల్లడించుమని శాస్త్రం చెప్పలేదు గదా? నిజమే. ఆయుస్సు, ధనం, ఇంటిగుట్టు, మంత్రం, ఔషధం, దాంపత్యం, దానం, మానం, అవమానం అనే తొమ్మిదీ గోప్యాలని నీతికారులు పరిగణించారు. అందులో ఇంటిగుట్టు ఉన్నది, అవమానమూ ఉన్నది. అత్తాకోడళ్ళ వైమనస్యం ఈ రెండింటి పరిధిలోకే వస్తుంది. మరొకవైపు మనుస్మృతి పదకొండవ అధ్యాయంలో పాపక్షయానికి చెప్పిన ఉపాయాలలో తాను చేసినదాన్ని చెప్పుకొనుట, పశ్చాత్తాపం రెండూ ఉన్నాయి. గోప్యమనేది ఒక విధి, ప్రకటనమనేది మరొక విధి. సాధకుడు ఏది పాటించాలి?

గీత పదిహేడవ అధ్యాయం ఈ చిక్కును విప్పుతుంది. అక్కడ తపస్సు శారీరమని, వాఙ్మయమని, మానసమని మూడుగా విభజింపబడింది. వాఙ్మయ తపస్సులో పలికే మాటకు నాలుగు నిబంధనలున్నాయి: మాట ఎదుటివారికి ఉద్వేగం కలిగించరాదు, సత్యం కావాలి, ప్రియం కావాలి, హితం కావాలి. ఈ నాలుగూ వినేవారున్న మాటకు చెందినవి. మానస తపస్సులో వినేవారు లేరు. అందుచేత ప్రియత్వమనే నిబంధన అక్కడ కనిపించదు. దానికి బదులు భావసంశుద్ధి చెప్పబడింది. శంకరభగవత్పాదులు ఆ పదానికి ఇతరులతో వ్యవహరించేటప్పుడు మాయావి కాకుండుట అని అర్థం చెప్పారు. అనగా లోపల కపటం మిగలకుండా చూచుకొనుటే దాని ప్రయోజనం.

సాధన డైరీ అక్షరరూపంలో ఉన్నా అది వాక్తపస్సులోనిది కాదు, మానసతపస్సులోనిది. ఎదుటివారికి చెప్పేటప్పుడు ప్రియత్వాన్ని పాటించుట ధర్మం. అదే ప్రియత్వాన్ని తనతో తాను మాటాడేచోటికి తెచ్చినప్పుడు అది కపటానికి ద్వారమౌతుంది. ఉపాధ్యాయిని డైరీలో జరిగినది సరిగా ఇదే.

కనుక గోప్యం పాటించవచ్చును. దాచుట వలన సత్యానికి హాని లేదు. దాచినచోట వేరొకటి పెట్టుట వలన హాని ఉన్నది. ఖాళీగా వదలిన గడి సత్యవిరుద్ధం కాదు. కోపం వచ్చిన దినాన సున్న వేసిన గడి సత్యవిరుద్ధం. నిధిని భూమిలో దాచినవారు దాన్ని తవ్వి తీసుకోగలరు. నిధి బదులు రాళ్ళు పెట్టి, కాలక్రమాన అవి రాళ్ళన్న సంగతి మరచినవారికి తీసుకోవలసినదేదీ ఉండదు.

పలక, పుస్తకం, అరసున్న

ఈ విచారం మీద ఘనపాఠిగారు సూచించిన పద్ధతి చాలా సరళమైనది. దానికి కావలసినది పిల్లల పలక, బలపం, తడిగుడ్డ.

రాత్రి దీపం కొండెక్కిన తరువాత, నిద్రకు ముందు, మనస్సులో ఉన్నదాన్ని ఉన్నట్లే పలకమీద వ్రాయాలి. పేర్లు పెట్టవచ్చును, నిందింపవచ్చును, వ్యాకరణం చూడనక్కరలేదు. పలక ఒకవైపు నిండితే చాలు. ఎనిమిది పది పంక్తులకు మించి పట్టదు గనుక విలాపానికి హద్దు దానంతటదే ఏర్పడుతుంది. వ్రాసినదాన్ని ఒక్కసారి మనస్సులో చదివి తడిగుడ్డతో తుడిచివేయాలి. ఆ తరువాత పుస్తకం తెరచి ఒకే ఒక వాక్యం వ్రాయాలి. ఆ వాక్యానికి కర్త "నేను" కావాలి. క్రియ తాను చేసినది కావాలి.

పలక తుడిచివేయబడుతుందని ముందే తెలిసి ఉండుట వలన భుజం వెనుక నిలిచిన పాఠకురాలు క్రమంగా తొలగిపోతుంది. తాళం దీన్ని సాధించలేదు. తాళం వేసిన పుస్తకం ఎప్పుడో ఒకప్పుడు తెరువబడుతుంది, కనీసం తన మరణానంతరం. మనస్సుకు ఆ సంగతి తెలుసు. తుడిచిన పలకకు భవిష్యత్తు లేదు. సంధ్యలో అరచేతి నీరు చేసే పనినే ఇక్కడ పలక చేస్తున్నది.

ఒక దినం ఈ పద్ధతి ఎట్లా నడిచిందో చూడవచ్చును. అది కార్తీక సోమవారం. మనుమడు సాయంకాలం దేవాలయంలో దీపాల వేళ ఒక శతకపద్యం చదవటానికి నానమ్మతో వస్తానన్నాడు. ఆమె వారం దినాలు నేర్పారు. తీరా ఆ సాయంత్రం కోడలు వాణ్ణి ట్యూషనుకు పంపింది. ఆ రాత్రి పలకమీద కోడలి పేరుతో మొదలయి పది పంక్తులు పడ్డాయి. కావాలనే పంపిందని, తన మాటకు ఈ ఇంట విలువ లేదని, పిల్లవానిని దూరం చేస్తున్నదని. చదివి తుడిచారు.

పుస్తకంలో మొదట "నేను అవమానింపబడ్డాను" అని వ్రాశారు. కర్త తానే అయినా క్రియ తనది కాదు. అవమానించినది మరొకరని ఆ వాక్యం చెబుతున్నది. తెలుగు బోధించిన ఆమెకు కర్మణిప్రయోగంలోని ఆ యుక్తి తెలియనిది కాదు. కొట్టివేశారు. రెండవసారి "నేను కోపంతో రాత్రి భోజనం మాని, పలుకరించినా బదులీయలేదు" అని వ్రాశారు. ఇది సత్యం. కోపం గడిలో గీత పడవలసినదే. అయినా ఎక్కడో కొంత మిగిలి ఉన్నట్లు తోచి, మూడవసారి ఇలా వ్రాశారు: "వాడు ట్యూషను నుండి నవ్వుతూ వచ్చి తల్లికి ముందుగా కబుర్లు చెప్పటం చూచి నేను ఓర్వలేకపోయాను." అక్కడ కలం ఆగిపోయింది. మూడవ వాక్యంలో కోడలి తప్పు ఏదీ లేదు. నిందతో మొదలైన వ్రాత ఒక పిల్లవాని ముఖం దగ్గరికి వచ్చి ముగిసింది.

అన్ని దినాలూ ఇంతవరకు రావు. "నేను" కర్తగా ఉన్న వాక్యం కూడా వ్రాయలేని రాత్రులు ఉంటాయి. అటువంటి రాత్రులకు ఆమె ఒక సంకేతాన్ని తానే నిర్ణయించుకొన్నారు: అరసున్న. పూర్వగ్రంథాలలో వాఁడు, తోఁట అని వ్రాసేటప్పుడు ఆ అరసున్న పలుకబడదు. ఒకప్పుడు అక్కడ అనునాసిక ధ్వని ఉండేదని మాత్రం తెలుపుతుంది. డైరీలోని అరసున్నకూ అదే అర్థం. ఇక్కడ ఒకటి ఉన్నది, పలుకబడలేదు. దాచినట్లు ఒప్పుకొన్నది గనుక ఆ పుట అబద్ధమాడలేదు. నెల చివర ఆ చిహ్నాలను లెక్కించి, ఏ తిథులలో, ఏ సందర్భాలలో పడ్డాయో చూస్తే పలుకబడనిదాని ఆకారం కొంత తెలుస్తుంది. అప్పటికి దాన్ని వ్రాయగల బలం వస్తే వ్రాయవచ్చును.

పద్ధతి దారి తప్పే చోట్లు

పలకకు ఒక ప్రమాదం ఉన్నది. విషయాన్ని ధ్యానించగా సంగం కలుగుతుందని, సంగం నుండి కామం, కామం నుండి క్రోధం పుడతాయని గీత రెండవ అధ్యాయం హెచ్చరిస్తుంది. ప్రతిరాత్రి పరుల దోషాన్ని వ్రాస్తూ పోతే అదొక పారాయణం కావచ్చును. దీన్ని గుర్తించుట కష్టం కాదు. ఒకే ఫిర్యాదు మూడవ రాత్రి కూడా అవే మాటలతో పలకమీదికి వచ్చిందంటే అది పరీక్ష దశను దాటి వల్లెవేయుటగా మారింది. అప్పుడు ఆ విషయం మేరకు పలకను విడిచి నేరుగా పుస్తకంలోని ఒక్క వాక్యానికే వెళ్ళాలి. తుడిచిన తరువాత ఊపిరి తేలికపడుతున్నదా, గుండె మరింత వేగంగా కొట్టుకొంటున్నదా అన్నది మరొక గుర్తు.

రెండవ పరిమితి, తుడిచినది మరల దొరకదు. ఆరునెలల క్రితం ఏమి జరిగిందో పలక చెప్పలేదు. అందుకే పుస్తకంలోని వాక్యం, గీత, అరసున్న అవసరమౌతున్నాయి. పలక మాత్రమే ఉంచుకొని పుస్తకాన్ని విడిచినవారికి ఉపశమనం కలుగుతుంది గాని సాధనలో పురోగతి ఉన్నదో లేదో తెలియదు.

మూడవది చాలా ముఖ్యమైనది. దెబ్బలు, బెదిరింపు, సొత్తు లాగుకొనుట, వృద్ధులకు అన్నం పెట్టకపోవుట వంటివి ఇంటిలో జరుగుతున్నప్పుడు ఈ పద్ధతి వర్తించదు. అక్కడ కర్తగా "నేను" అని వ్రాయుట పరుల అధర్మాన్ని తన తలపై వేసుకొనుటే అవుతుంది. అట్టివాటిని తుడవరాదు, తిథితో సహా వ్రాసి, ఇంటి వెలుపల సురక్షితమైన చోట ఉంచి, సహాయం చేయగలవారికి నోరు తెరచి చెప్పాలి. అక్కడ భయం మనస్సు కల్పించిన మూర్తికి సంబంధించినది కాదు, నిజమైన మనిషికి సంబంధించినది.

గీతలు పెరిగిన నెల

పద్ధతి మొదలుపెట్టిన మొదటి నెలలో ఉపాధ్యాయిని డైరీ చూడటానికి చాలా అధ్వాన్నంగా తయారయింది. కోపం గడిలో పదునొకండు గీతలు, నాలుగు అరసున్నలు. అసత్యం గడిలో కూడా గీతలు పడసాగాయి. ఆమె కొంత దిగులుతో ఘనపాఠిగారికి చెప్పగా, "జ్వరం కొలవని రోజులలో జ్వరం లేదనుకొన్నావమ్మా" అన్నారాయన. మందు ఆ నెలలో మారలేదు. కొలత మాత్రం వచ్చింది. అయితే జపంలో మూడవ మాల దగ్గర మొదలయ్యే వాదం ఇప్పుడు కొన్ని దినాలు అసలు రావటం లేదు. రాత్రి పలకమీద ఒకసారి పూర్తిగా పలుకబడినదానికి ఉదయం జపమాలను పట్టుకొని వ్రేలాడవలసిన అవసరం తగ్గింది.

మరొక పరిణామాన్ని ఆమె ముందుగా ఊహించలేదు. పుస్తకంలో మిగిలిన వాక్యాలు క్రమంగా కోడలు చదివినా భయం లేనివిగా మారుతూ వచ్చాయి. వాటిలో ఆమెను నొప్పించేది లేదు, తగవులో ఎత్తిచూపటానికి పనికివచ్చేదీ లేదు. చిన్నబోవుట ఒక్కటే మిగిలింది. అదీ ప్రతిదినం తన కంటితో తానే చూచుకొనుట వలన మొదటి దినాలంత బరువుగా లేదు. ఎవరు చదువుతారోనన్న భయంతో మెరుగుపెట్టిన పాత పుటలను దాచవలసి వచ్చింది. భయాన్ని పక్కన పెట్టి వ్రాసిన కొత్త పుటలకు ఆ అవసరం తగ్గిపోయింది.

మాఘమాసంలో ఒకనాడు వంటగదిలో కోడలు చిక్కుడుకాయలు వలుస్తుండగా ఆమె పక్కన కూర్చున్నారు. ఉపోద్ఘాతం లేకుండా, "కార్తీకంలో ఆ సోమవారం నీమీద కోపం వచ్చిందనుకొన్నాను. వాడు నీకే ముందుగా కబుర్లు చెప్పాడని కష్టం వేసిందమ్మా" అన్నారు. కోడలు చేతిలోని కాయ పళ్ళెంలో వేసి కొంతసేపు ఏమీ అనలేదు. తరువాత, "అత్తయ్యగారూ, వాడు నా దగ్గరకు వచ్చి చెప్పింది మీరు నేర్పిన పద్యమే. ట్యూషనులో అందరికీ చదివి వినిపించాడట" అన్నది.

ఆ మాట ఉపాధ్యాయిని మూడునెలల క్రితమే విని ఉండవచ్చును. అడగటానికి కావలసిన వాక్యం అప్పటికి ఆమెకు దొరకలేదు. ఆ సాయంత్రం పలక తీయలేదు. పుస్తకంలో కోపం గడిని ఖాళీగా వదలి, అసూయ అనే మాటను మొదటిసారి దాని పేరుతోనే వ్రాసి, ఎదురుగా ఒక గీత గీశారు.

సర్వం శ్రీకృష్ణార్పణమస్తు